కంపెనీ మూతపడింది, చెక్కు వెనక్కి వచ్చింది: ఫ్లోరిడాలో ఒక ఇంటి క్లెయిమ్ కేస్ స్టడీ

నేను ఫ్లోరిడాలో పబ్లిక్ అడ్జస్టర్‌గా పనిచేస్తున్నాను. ఇంటికి నష్టం జరిగినప్పుడు పాలసీదారు తరఫున నష్టం లెక్కకట్టి, ఇన్సూరెన్స్ కంపెనీతో మాట్లాడి క్లెయిమ్ రాబట్టడం నా పని. ఈ కేసులో కుటుంబం పేరు, ఊరు, కంపెనీ పేరు రాయడం లేదు. అంకెలను కొద్దిగా మార్చాను, కానీ వాటి మధ్య ఉన్న లెక్క మారలేదు. కంపెనీ దివాలా తీస్తే పాలసీదారుకు ఏం జరుగుతుందన్నది నాకు చట్టం చదివితే సగమే అర్థమైంది. మిగతా సగం ఈ ఇంట్లో తెలిసింది.

నేపథ్యం

2022లో ఫ్లోరిడాలో ఇళ్లకు ఇన్సూరెన్స్ ఇచ్చే ఆరు కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. వీటిలో ఏదీ పెద్ద పేరున్న జాతీయ కంపెనీ కాదు. చాలావరకు ఈ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనే వ్యాపారం చేసే చిన్న సంస్థలు. వీటి సొంత మూలధనం తక్కువ. తుఫాను వస్తే ఆదుకునేది వీళ్లు కొనుక్కునే రీఇన్సూరెన్స్, అంటే కంపెనీకి ఉండే ఇన్సూరెన్స్. అది ఇక్కడ ఎక్కువగా జూన్ 1న రెన్యూ అవుతుంది. ఆ ఏడాది దాని ధర బాగా పెరిగింది, కోర్టు కేసుల ఖర్చూ పెరిగింది. రెండూ కలిసి ఈ కంపెనీలను ముంచాయి. మా కేసులోని కంపెనీ ఆ ఆరింటిలో ఒకటి.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు పిల్లలు. భర్త తల్లిదండ్రులు గుంటూరు నుంచి వచ్చి అప్పుడు వాళ్లతోనే ఉన్నారు. వసంతకాలంలో వచ్చిన గాలివానకు ఇంటి పైకప్పు ఒక వైపు షింగిల్స్ లేచిపోయాయి. రెండు పడకగదుల సీలింగు తడిసి పోయింది, హాల్లో ఫ్లోరింగు ఉబ్బింది. కంపెనీ మొదట మనిషిని పంపి 14,200 డాలర్లు ఇచ్చింది. అది సరిపోదని తెలిశాక వాళ్లు నా దగ్గరకు వచ్చారు.

నేను ఎస్టిమేట్ మళ్లీ వేశాను. మొత్తం పని 71,000 డాలర్లు. పాలసీలో డిడక్టిబుల్ 2,500, అది వాళ్లే భరించాలి. ముందు వచ్చిన 14,200 కూడా తీసేస్తే ఇంకా 54,300 రావాలి. ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాక కంపెనీ అందులో 38,000 ఒప్పుకుని చెక్కు పంపింది. మిగిలిన 16,300 మీద వాదన సాగుతోంది. ఎక్కువ భాగం లోపలి ఫ్లోరింగు గురించే.

సమస్య ఎలా మొదలైంది

ఆ 38,000 చెక్కు మీద దంపతుల పేర్లతో పాటు ఇంటి లోన్ ఇచ్చిన సంస్థ పేరు కూడా ఉంది. ఇది మామూలే. లోన్ సంస్థ వెనక సంతకం పెట్టి ఇస్తే తప్ప చెక్కు బ్యాంకులో వేయడం కుదరదు. సంతకం కోసం పోస్టులో పంపితే తిరిగి రావడానికి 19 రోజులు పట్టింది. అది చేతికొచ్చిన రోజే బ్యాంకులో వేశారు. సరిగ్గా ఆ రోజే కోర్టు కంపెనీ మీద లిక్విడేషన్ ఆర్డర్, అంటే మూసివేత ఆదేశం, ఇచ్చింది. లెక్క తేలిక కోసం దాన్ని సున్నా రోజు అనుకుందాం.

రెండో రోజు భర్త నాకు ఫోన్ చేశారు. "అన్నా, చెక్కు వెనక్కొచ్చింది. కంపెనీకి ఫోన్ చేస్తే రికార్డింగ్ వస్తోంది. రూఫింగ్ వాళ్లకు ఏం చెప్పాలి?"

ఇక్కడ ఆగి, ఆర్డర్ వస్తే అసలు ఏం జరుగుతుందో చెప్పాలి. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు మామూలు కంపెనీల్లాగా ఫెడరల్ దివాలా చట్టం కిందకు రావు. రాష్ట్ర చట్టమే చూస్తుంది. ఫ్లోరిడాలో రాష్ట్ర ఇన్సూరెన్స్ రెగ్యులేషన్ ఆఫీసు ఒక కంపెనీ ఇక నిలబడదని తేల్చితే ఫైలును రాష్ట్ర ఆర్థిక సేవల శాఖకు పంపుతుంది. ఆ శాఖ టలహాసీలోని కోర్టుకు వెళ్తుంది. బాగుచేయవచ్చని అనిపిస్తే రిహాబిలిటేషన్ ఆర్డర్, ఇక కుదరదంటే లిక్విడేషన్ ఆర్డర్ వస్తుంది. రెండింటిలోనూ శాఖే రిసీవర్ అవుతుంది, అంటే కంపెనీ తాళాలు దాని చేతికి వస్తాయి. బ్యాంకు ఖాతాలు ఆగిపోతాయి. అప్పటికి బ్యాంకులో పడి డబ్బు రాని చెక్కులు చెల్లవు.

అదే ఆర్డరు ఇంకో తలుపు తెరుస్తుంది. కోర్టు కంపెనీని దివాలా తీసినట్టు ప్రకటించి లిక్విడేషన్‌కు పంపగానే ఫ్లోరిడా ఇన్సూరెన్స్ గ్యారంటీ అసోసియేషన్ రంగంలోకి వస్తుంది. అందరూ ఫిగా అంటారు. 1970లో చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ. ఫ్లోరిడాలో ఇలాంటి వ్యాపారం చేసే కంపెనీలన్నీ అందులో సభ్యులుగా ఉండి తీరాలి. ఒకటి మునిగితే మిగతావాటి మీద వంతు వేసి ఆ డబ్బుతో క్లెయిములు తీరుస్తారు. ఆ వంతు చివరికి అందరి ప్రీమియం బిల్లులో ఒక లైనుగా కనిపిస్తుంది. మీ బిల్లులో ఆ లైను చూసి ఉంటే, అది ఎక్కడో మూతపడిన కంపెనీ పాలసీదారు పైకప్పుకు వెళ్తున్న డబ్బు.

ఫిగా ఎంత ఇస్తుందన్నదానికి హద్దు ఉంది. ఒక క్లెయిముకు 3 లక్షల డాలర్ల వరకు. ఇంటి పాలసీలో కట్టడానికి, సామానుకు జరిగిన నష్టం కోసం ఇంకో 2 లక్షలు కలుపుతారు. పాలసీ డిడక్టిబుల్ కాక ఫిగా తన వంతుగా 100 డాలర్లు తగ్గిస్తుంది. మా కేసు 54,300 కాబట్టి హద్దుకు చాలా లోపల ఉంది. అందుకే ఆ ఫోన్‌లోనే ఆయనకు ధైర్యంగా చెప్పగలిగాను: "డబ్బు పోదు, ఆలస్యం అవుతుంది." ఆ మాట నిజమే. కానీ అప్పుడు నేను చూడవలసిన అసలు ప్రమాదం డబ్బు కాదు. అది నాకు మరో తొమ్మిది రోజులకు గానీ తట్టలేదు.

మొదట చేసినవి, పనికిరానివి

మొదటి వారంలో మేం మూడు పనులు చేశాం. మూడూ సబబుగానే అనిపించాయి.

ఒకటి, భార్య రిసీవర్ వెబ్‌సైట్‌లో ప్రూఫ్ ఆఫ్ క్లెయిమ్ ఫారం నింపి పంపారు. పంపాక ఇంట్లో అందరికీ ఊరట కలిగింది, పని అయిపోయిందనుకున్నారు. ఆ ఫారం అవసరమే. కానీ అది ఫిగా డబ్బుకు దరఖాస్తు కాదు. మూతపడిన కంపెనీ ఆస్తి అమ్మగా వచ్చే సొమ్ములో మనకూ వాటా ఉందని వరుసలో నిలబడటం అది. ఆ వరుసకు చట్టం ఒక క్రమం పెట్టింది: ముందు రిసీవర్ ఖర్చులు, తర్వాత పాలసీల కింద నష్టపోయినవాళ్ల క్లెయిములు, ఆ తర్వాత వాడుకోని ప్రీమియం తిరిగి రావలసినవాళ్లు. మామూలు అప్పులవాళ్లు ఇంకా వెనక, వాటాదారులు అందరికంటే చివర. పాలసీదారును అంత ముందు నిలబెట్టడం చిన్న రక్షణ కాదు. అయినా ఆ వరుస కదలడానికి ఏళ్లు పడుతుంది. ఫిగా హద్దు దాటిన నష్టం ఉన్నవాళ్లకు అదే దిక్కు. ఇల్లు పూర్తిగా కాలిపోయి 7 లక్షల నష్టం జరిగిందనుకోండి, 5 లక్షల వరకు ఫిగా, పైన ఉన్న 2 లక్షలకు ఈ వరుస.

రెండు, వాళ్లకు తెలిసిన ఒకరు లాయరును పెట్టుకుని దావా వేయమన్నారు. వేసినా అక్కడే ఆగుతుంది. లిక్విడేషన్ అయిన కంపెనీ మీద ఉన్న దావాలను చట్టం ఆరు నెలలు నిలిపేస్తుంది, ఫిగా ఫైళ్లు చూసుకోవడానికి సమయం ఇవ్వడం కోసం. పాత కంపెనీ కావాలని ఆలస్యం చేసిందని పరిహారం అడగడం కూడా కుదరదు. ఫిగా పాలసీలో ఉన్న బాధ్యతను మాత్రమే నెత్తికెత్తుకుంటుంది, పాత కంపెనీ తప్పులకు శిక్షను కాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: పాత కంపెనీకి ఉన్న అభ్యంతరాలన్నీ ఫిగాకు కూడా ఉంటాయి. పాలసీలో లేనిది ఫిగా దగ్గరా లేదు.

మూడు, నేను పాత కంపెనీ ఇచ్చిన ఒప్పుకోలు ఉత్తరం ఒక్కటి ఫిగాకు పంపి, ఫైలు ఎలాగూ రిసీవర్ దగ్గర నుంచి వాళ్లకు వెళ్తుంది కదా అని ఊరుకున్నాను. అది నా తప్పు. ఫైలు వెళ్లింది, కానీ సగం వెళ్లింది. నా ఎస్టిమేట్ ఉంది, దానికి ఆధారమైన ఫొటోలు లేవు. కంపెనీ తరఫున క్లెయిములు చూసింది ఇంకో ఏజెన్సీ, ఫొటోలు వాళ్ల సర్వర్లో ఉండిపోయాయి. ఆ సంగతి నలభై నాలుగో రోజున ఫిగా అడ్జస్టరు అడిగినప్పుడు తెలిసింది. నా దగ్గర కాపీలు ఉన్నాయి కాబట్టి గండం గడిచింది.

పదకొండో రోజు

పదకొండో రోజు లోన్ సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఇన్సూరెన్స్ కంపెనీ లిక్విడేషన్‌లో ఉందని తెలిసింది, కొత్త పాలసీ చూపించండి, లేకపోతే మేమే ఒకటి తీసుకుని ఖర్చు మీ ఖాతాలో వేస్తాం అని దాని సారాంశం. వాళ్లు తీసుకునే పాలసీ ఖరీదు ఎక్కువ, అందులో రక్షణ ప్రధానంగా లోన్‌కే, ఇంట్లో సామానుకు కాదు.

అప్పుడు నేను ఆర్డరు కాపీ తీసి మళ్లీ చదివాను. ఫ్లోరిడా చట్టం ప్రకారం లిక్విడేషన్ ఆర్డర్ వచ్చిన 30 రోజులకు పాలసీ ముగుస్తుంది. ఈలోగా గడువు తీరినా, కొత్త పాలసీ తీసుకున్నా అంతకంటే ముందే ముగుస్తుంది. అంటే పాత నష్టానికి ఫిగా ఉంది గానీ, ముప్ఫై ఒకటో రోజు ఇంటికి ఏమైనా జరిగితే ఎవరూ లేరు. తుఫాన్ల కాలం దగ్గరపడుతోంది. రావలసిన డబ్బు వెంట పరుగెత్తుతూ ఇంటికి ఇన్సూరెన్స్ లేకుండా పోయే తేదీని పదకొండు రోజులు చూడలేదు. ఏజెంట్ చూసుకుంటాడనుకున్నాం. ఆ ఏజెంటుకు మూతపడిన కంపెనీలో వందల మంది కస్టమర్లు ఉన్నారు, మా వాళ్ల వంతు ఇంకా రాలేదు.

వెంటనే కొత్త పాలసీ వేట మొదలుపెడితే అసలు చిక్కు బయటపడింది. ప్రైవేటు కంపెనీలు ఏవీ ఒప్పుకోలేదు. పైకప్పు మీద నీలం టార్పాలిన్ ఉన్న ఇంటికి ఎవరూ పాలసీ ఇవ్వరు. పైకప్పు వేయించాలంటే డబ్బు కావాలి. డబ్బు ఫిగా నుంచి రావాలి. ఫిగా ఇంకా అడ్జస్టరును కూడా కేటాయించలేదు. పాలసీ కావాలంటే పైకప్పు, పైకప్పు కావాలంటే డబ్బు, డబ్బు కావాలంటే నెలలు. మా దగ్గర ఉన్నది పంతొమ్మిది రోజులు.

ఆ రాత్రి ఆమె నాతో అన్నారు: "అన్నయ్య గారూ, డబ్బు ఆలస్యమైతే సర్దుకుంటాం. వానాకాలంలో పాలసీ లేని ఇంట్లో అత్తయ్యా మామయ్యా పిల్లలతో ఉండాలంటే నాకు నిద్ర పట్టడం లేదు."

ఏది పనిచేసింది

పనిని రెండు ముక్కలు చేశాం. ఇంతవరకు 71,000 డాలర్ల పనిని ఒకటిగా చూశాం, ఎందుకంటే క్లెయిము ఒకటి. కొత్త కంపెనీకి కావలసింది మాత్రం పైకప్పు బాగుండటం. లోపలి సీలింగు, ఫ్లోరింగు తర్వాత చేసుకోవచ్చు. పైకప్పు ఒక్కదానికి 24,000. మొదట వచ్చిన 14,200లో టార్పాలిన్‌కు, తడి ఆరబెట్టే యంత్రాలకు 5,200 పోగా 9,000 మిగిలి ఉంది. అందులోంచి 8,000 అడ్వాన్సుగా ఇస్తే పని మొదలుపెడతానని రూఫింగ్ కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. మిగతా 16,000 ఇంటి మీద ఉన్న క్రెడిట్ లైన్ నుంచి తీశారు. వడ్డీ భారం వాళ్లదే. పాలసీ లేని ఒక్క నెలతో పోలిస్తే ఆ వడ్డీ చిన్నదని ముగ్గురం కూర్చుని లెక్క వేసి నిర్ణయించుకున్నాం.

ఇందులో ఒక పెద్ద ఇబ్బంది ఉంది. ఫిగా మనిషి వచ్చి చూడకముందే పైకప్పు మార్చేస్తే నష్టానికి సాక్ష్యం పోతుంది. క్లెయిములో ఇది ప్రాణాంతకం కావచ్చు. కంపెనీ చూడటానికి అవకాశం ఇవ్వలేదని పాలసీ షరతుల కింద అభ్యంతరం చెప్పవచ్చు, ఆ అభ్యంతరం ఫిగాకూ ఉంటుందని ముందే చెప్పాను. మరోవైపు, నష్టం పెరగకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా అదే పాలసీ పాలసీదారు మీద పెడుతుంది. రెండో షరతును ఆధారం చేసుకున్నాను.

పదమూడో రోజు ఫిగాకు రాతపూర్వకంగా తెలియజేశాం: ఇరవై ఒకటో రోజున పాత పైకప్పు తీస్తున్నాం, ఎందుకు తీయవలసి వస్తోందో ఇది, మీరు చూడదలచుకుంటే ఈలోగా ఎప్పుడైనా రండి. పదిహేడో రోజు అందినట్టు జవాబు వచ్చింది, మనిషి రాలేదు. పైకప్పు ప్రతి వాలునూ కొలబద్ద పెట్టి ఫొటో తీశాను. విప్పేటప్పుడు కింద చెక్క ఎక్కడ నానిందో కాంట్రాక్టరు చేత వీడియో తీయించాను. దెబ్బతిన్న షింగిల్స్ కొన్ని, నానిన చెక్క ముక్క ఒకటి సంచిలో కట్టి తేదీ రాసి గరాజ్‌లో పెట్టించాను. ఆ సంచిని చూసి పిల్లల తాతగారు నవ్వారు. తర్వాత ఫిగా అడ్జస్టరు మొదట అడిగింది దాన్నే.

ఇరవై అయిదో రోజు పైకప్పు పూర్తయింది. ఇరవై ఏడున పట్టణ ఇన్‌స్పెక్టరు చూసి పర్మిట్ ముగించారు. ఆ కాగితంతో ఏజెంటు సిటిజెన్స్‌కు దరఖాస్తు పెట్టాడు. సిటిజెన్స్ అంటే మామూలు మార్కెట్లో పాలసీ దొరకనివాళ్ల కోసం ఫ్లోరిడా రాష్ట్రం 2002లో ఏర్పాటు చేసిన సంస్థ. ఇరవై తొమ్మిదో రోజు నుంచి పాలసీ మొదలైంది. పాత పాలసీ ముగియడానికి ఒక్క రోజు ముందు. కొత్త ప్రీమియం అప్పటికప్పుడు కట్టవలసి వచ్చింది. పాత పాలసీలో వాడుకోని దాదాపు అయిదు నెలల ప్రీమియం ఫిగా నుంచి తర్వాత చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ మధ్య కాలానికి చేతిలో డబ్బు ఉండాలని ఎవరూ ముందుగా చెప్పరు.

నలభై నాలుగో రోజు ఫిగా అడ్జస్టరును కేటాయించింది. ఈసారి నేను ఫైలు మొత్తం, మొదటి ఫోన్ కాల్ నాటి నోటు నుంచి, నంబర్లు వేసి పంపాను. పాత కంపెనీ ఒప్పుకున్న 38,000 గురించి ఆయన ఎక్కువ వాదించలేదు. కానీ కళ్లు మూసుకుని ఒప్పుకోనూ లేదు. ఫొటోలతో ఒక్కొక్క లైను సరిచూశారు. అది ఆయన హక్కు. అరవై ఒకటో రోజు చెక్కు వచ్చింది, 100 తగ్గించి 37,900. ఈసారీ లోన్ సంస్థ పేరు ఉంది. ముందే వాళ్లకు ఫోన్ చేసి, కావలసిన కాగితాలు ఇచ్చి, దగ్గర్లోని బ్రాంచిలో సంతకం తీసుకునేలా మాట్లాడి పెట్టుకున్నాం. మూడు రోజుల్లో డబ్బు ఖాతాలో పడింది.

వాదనలో ఉన్న 16,300 మీద ఆయన ఇంటికి వచ్చి చూశారు. హాల్లో ఫ్లోరింగు తడిసిన భాగం వరకే పాలసీ వర్తిస్తుందని, పక్కగదిలోది రంగు కలవదని మార్చడానికి ఇవ్వలేమని అన్నారు. నూట ముప్ఫై మూడో రోజు 11,500 వచ్చింది. మిగిలిన 4,800 కోసం పోరాడాలా అని దంపతులు అడిగారు. వద్దన్నాను. ఆ వాదనలో నాకే పూర్తి బలం కనిపించలేదు. పాత కంపెనీ బతికి ఉన్నా గెలుస్తామని చెప్పలేని వాదన అది.

మొత్తం లెక్క ఇది: 71,000 పనికి 14,200, 37,900, 11,500 కలిపి 63,600 వచ్చింది. సొంతంగా పడింది 7,400. అందులో 2,500 ఎలాగూ వాళ్ల డిడక్టిబుల్. కంపెనీ మునగడం వల్ల నేరుగా పోయింది ఫిగా తగ్గించిన 100 డాలర్లు, క్రెడిట్ లైన్ మీద వడ్డీ.

గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్న

పని అయిపోయాక భర్త నాన్నగారు నన్ను అడిగారు: "బాబూ, ఇక్కడైతే ఫిగా ఉంది. మన దగ్గర నా పాలసీల కంపెనీ పోతే ఎవరిస్తారు?"

మంచి ప్రశ్న. సమాధానం నేను నేర్చుకుని చెప్పవలసి వచ్చింది. మన దేశంలో ఇన్సూరెన్స్ పాలసీదారుల కోసం ఫిగా లాంటి గ్యారంటీ నిధి లేదు. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల రూపాయల వరకు ఉన్న రక్షణ బ్యాంకులకే, ఇన్సూరెన్స్ పాలసీకి వర్తించదు. ఎల్‌ఐసీ పాలసీలకు మాత్రం 1956 చట్టంలోని 37వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది.

మిగతా కంపెనీల విషయంలో మన పద్ధతి వేరు. మునిగాక తీర్చడం కంటే మునగకముందే పడవ మార్చడం మీద అది ఆధారపడుతుంది. హైదరాబాద్‌లో కేంద్ర కార్యాలయం ఉన్న ఇన్సూరెన్స్ రెగ్యులేటర్ ఐఆర్‌డీఏఐ ప్రతి కంపెనీకి సాల్వెన్సీ రేషియో కనీసం 150 శాతం ఉండాలంటుంది. అంటే బాధ్యతలు పోను ఉండవలసిన కనీస ఆస్తి మిగులు 100 అయితే, అసలు మిగులు 150 ఉండాలి. ఆ గీత కిందికి దిగితే కొత్త పాలసీలు ఆపించవచ్చు. జీవిత బీమా కంపెనీ పాలసీదారులకు హానికరంగా నడుస్తోందనిపిస్తే ఇన్సూరెన్స్ చట్టం 52ఏ సెక్షన్ కింద అడ్మినిస్ట్రేటర్‌ను పెట్టవచ్చు. పాలసీలను ఇంకో కంపెనీకి బదిలీ చేయించవచ్చు. కోర్టు ద్వారా మూసివేత అనేది చిట్టచివరి దారి.

ఆయనకు 2019 నాటి రిలయన్స్ హెల్త్ ఇన్సూరెన్స్ ఉదాహరణ చెప్పాను. 2018 అక్టోబరులో వ్యాపారం మొదలుపెట్టిన ఆ కంపెనీ సాల్వెన్సీ 2019 జూన్‌లో 106 శాతానికి, సెప్టెంబర్ చివరికి 63 శాతానికి పడిపోయింది. నవంబరులో ఐఆర్‌డీఏఐ కొత్త పాలసీలు అమ్మవద్దని చెప్పి, ఉన్న పాలసీల బాధ్యతను, వాటికి తగిన ఆస్తులతో సహా నవంబర్ 15 నుంచి రిలయన్స్ జనరల్ ఇన్సూరెన్స్‌కు బదిలీ చేయమని ఆదేశించింది. అప్పటి నుంచి ఆ పాలసీదారుల క్లెయిములు చూసే బాధ్యత రెండో కంపెనీది.

బాధ్యతతో పాటు ఆస్తి కూడా వెళ్లడమే ఇక్కడ కీలకమని ఆయనకు వివరించాను. ఆస్తి చాలినంత ఉండగా రెగ్యులేటర్ కదిలితే బదిలీ సాఫీగా సాగుతుంది. ఆలస్యమై ఆస్తి కరిగిపోయాక కదిలితే, లోటు పూడ్చడానికి మన దగ్గర నిధి లేదు. ఫ్లోరిడాలో ఉంది. అయితే ఫ్లోరిడాలో 30 రోజులకు పాలసీ రద్దయిపోతుంది, మన బదిలీ పద్ధతిలో పాలసీ కొనసాగుతుంది. వయసు మీదపడినవాళ్ల హెల్త్ పాలసీకి ఇది చాలా పెద్ద తేడా. డెబ్బై ఏళ్ల మనిషికి పాత పాలసీ రద్దయితే షుగరు, బీపీ ఉండగా కొత్తది దొరకడం కష్టం. ఆయన తన కంపెనీ సాల్వెన్సీ ఎక్కడ చూడాలని అడిగారు. ప్రతి కంపెనీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ అనే చోట మూడు నెలలకోసారి పెడతారు. కొడుకు ఫోన్‌లో తెరిచి, గత ఏడాది నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసుకున్నారు. ఒక్క అంకె చూస్తే లాభం లేదు, అది పెరుగుతోందా దిగుతోందా అన్నదే చూడాలని చెప్పాను.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు నా క్లయింటు కంపెనీ మీద లిక్విడేషన్ ఆర్డర్ వస్తే, ముందు ఆర్డర్ తేదీకి 30 రోజులు కలిపి క్యాలెండరులో రాస్తాను. క్లెయిము ఫైలు ఆ తర్వాతే తెరుస్తాను. కొత్త పాలసీకి ఇంటి పరిస్థితి అడ్డు వస్తుందా అని అదే రోజు ఏజెంటును అడుగుతాను. అడ్డు వస్తే పనిని ముక్కలు చేయడం ఎలాగో ఆ వారమే తేల్చుకుంటాం.

ప్రతి ఫైలుకు పూర్తి కాపీ పాలసీదారు దగ్గర కూడా ఉండేలా చూస్తున్నాను. కంపెనీ అడ్జస్టరు ఇంటికి వచ్చి తీసిన ఫొటోలు కూడా అప్పుడే రాతపూర్వకంగా అడిగి తీసుకుంటాను. కంపెనీ బలహీనంగా ఉందన్న వార్త వస్తే, చెక్కు మీద లోన్ సంస్థ సంతకానికి పోస్టు మీద ఆధారపడను. బలహీనత ముందే తెలిసే మార్గం ఇక్కడ ఒకటి ఉంది. ఈ చిన్న కంపెనీలకు డెమోటెక్ అనే సంస్థ రేటింగు ఇస్తుంది. రేటింగు తగ్గితే లోన్ సంస్థలు ఆ పాలసీని ఒప్పుకోవు కాబట్టి ఆ వార్త దాచడం కష్టం. మా కేసులో చెక్కు 19 రోజులు పోస్టులో తిరగకుండా ఉంటే, మొదటి 38,000 ఆర్డరుకు ముందే ఖాతాలో పడి ఉండేది.

ప్రూఫ్ ఆఫ్ క్లెయిమ్ ఫారం ఇప్పటికీ అందరి చేతా వేయిస్తాను, ఫిగా హద్దులో ఉన్నవాళ్ల చేత కూడా. ఫిగా ఇవ్వనిదానికి వేరే చోటు లేదు, రిసీవర్ పెట్టిన చివరి తేదీ దాటితే వరుసలో వెనక్కి పోతాం. ఈ కుటుంబం వేసిన ఫారంలో ఫిగా తగ్గించిన 100 డాలర్లు కూడా ఉన్నాయి. రిసీవర్ నుంచి అందినట్టు ఉత్తరం వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు. ఆ ఉత్తరం కాపీ నా ఫైలులో చివరి కాగితం.